నాలుగేళ్లు వాడాక: ల్యాప్‌టాప్ బాగుంది, ఆ దవడ పోర్టు తప్ప

ఈ ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లు దాటింది. ప్రాసెసరు, స్క్రీను, కీబోర్డు గురించి ఇప్పుడు కొత్తగా చెప్పడానికేం లేదు. అన్నీ పనిచేస్తున్నాయి. నా కోపమంతా దాని కుడి పక్కన ఉన్న ఈథర్నెట్ పోర్టు మీదే.

కొన్న కొత్తలో ఇదే పోర్టుని నలుగురి దగ్గరా పొగిడినవాణ్ణి నేనే. సన్నటి ల్యాప్‌టాపుల్లో ఈథర్నెట్ పోర్టు తీసేస్తున్న రోజుల్లో దీనికి ఉంచారు. అంచు మందం చాలదు కాబట్టి పోర్టు కింది భాగాన్ని స్ప్రింగు మీద తెరుచుకునే చిన్న మూతగా చేశారు. కేబుల్ పెట్టాలంటే ఆ మూతని దవడలా కిందికి లాగాలి. చూసినవాళ్లకి భలేగా అనిపించేది, నాకూ అనిపించింది. ఆ ముచ్చట మూడున్నరేళ్లు సాగింది.

ఒకరోజు పొద్దున కేబుల్ పెడితే లైటు రాలేదు. నా పోర్టుకి రెండు చిన్న లైట్లున్నాయి. ఒకటి లింక్ ఉన్నంతసేపూ నిలకడగా వెలుగుతుంది, రెండోది డేటా నడుస్తుంటే మిణుకుమంటుంది. రెండూ చీకటి. కేబుల్ అవతలి కొస ఉన్న నెట్‌వర్క్ స్విచ్ వైపు చూస్తే అక్కడా నా పోర్టు లైటు లేదు. (చాలా ల్యాప్‌టాపులకి పోర్టు దగ్గర లైట్లే ఉండవు. అలాంటివాళ్లు స్విచ్ వైపు లైటు చూసే నిర్ణయించుకోవాలి.)

మొదట నేను చేసింది శుద్ధ తప్పు. కంగారులో కేబుల్ మార్చాను, అదే ఊపులో స్విచ్‌లో పోర్టు మార్చాను, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. లైటు రాలేదు. రాకపోవడం ఒకటైతే, ఏది బాగుందో ఏది పోయిందో తెలియకుండా పోవడం ఇంకొకటి. రెండో కేబుల్ సొరుగులో ఎన్నాళ్లనుంచి పడి ఉందో నాకే తెలియదు, అది మంచిదని ఎవరు చెప్పారు? సగం పూట అలా పోయింది.

తర్వాత కాస్త బుర్ర పెట్టి పాత కేబుల్‌నే పాత చోట పెట్టాను. స్విచ్ వైపు కొసని ముట్టుకోకుండా, ల్యాప్‌టాప్ నుంచి తీసిన కొసని పక్కనున్న పాత డెస్క్‌టాప్‌లో గుచ్చాను. రెండు సెకన్లలో లైటు వచ్చింది, లింక్ కూడా గిగాబిట్‌లోనే. కేబుల్, స్విచ్ పోర్టు రెండూ ఈ ఒక్క దెబ్బతో అనుమానంలోంచి బయటపడ్డాయి. కేబుల్ టెస్టర్ కూడా నా దగ్గర ఉంది, ఎనిమిది తీగలకీ వరసగా లైటు చూపించింది. కానీ టెస్టర్ చెప్పేది తీగ తెగలేదనే. నిజంగా లింక్ వచ్చిన యంత్రం చెప్పే సాక్ష్యం దానికంటే గట్టిది. ఒకవేళ డెస్క్‌టాప్‌లోనూ లైటు రాకపోతే, అప్పుడు మాత్రమే స్విచ్‌లో పోర్టు మార్చి చూడాలి, ఆ తర్వాత కేబుల్. ఒక్కసారికి ఒక్కటే.

ఇక మిగిలింది ల్యాప్‌టాప్. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి అడిగాను:

```
Get-NetAdapter
```

`Status` కింద `Disconnected` అని వచ్చింది. ఇక్కడ `Disabled` అని వచ్చుంటే కథ వేరు. ఎవరో అడాప్టర్‌ని ఆపేశారని అర్థం, మళ్లీ ఆన్ చేస్తే సరి. `Disconnected` అంటే విండోస్‌కి అడాప్టర్ కనిపిస్తోంది, డ్రైవర్ పలుకుతోంది, తీగ అవతల మాత్రం ఎవరూ దొరకడం లేదు. చిప్ పూర్తిగా చనిపోలేదన్న చిన్న ఆశ కూడా అందులోనే ఉంది.

అడాప్టర్ ప్రాపర్టీస్‌లో `Advanced` కింద `Speed & Duplex` ఉంటుంది. అది `Auto Negotiation`లోనే ఉంది. కరెంటు ఆదా చేసే ఆప్షన్లు ఒకట్రెండు ఆపి చూశాను, మార్పు లేదు. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకున్నాను. కొన్నిసార్లు మొండికేసిన నెట్‌వర్క్ చిప్ దీంతో లేస్తుంది. నాది లేవలేదు.

అప్పుడు ఒక పరీక్ష నిజంగా పనికొచ్చింది. `Speed & Duplex`ని `100 Mbps Full Duplex`కి మార్చాను. ఎందుకంటే గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. అవి పోర్టులో 1, 2, 3, 6 పిన్నులకి వెళతాయి. 4, 5, 7, 8లో తేడా వచ్చుంటే 100కి దించగానే లైటు రావాలి. నాకు రాలేదు. అంటే తేడా ఆ నాలుగు ముఖ్యమైన పిన్నుల్లోనే ఎక్కడో ఉంది, లేదా చిప్‌లో ఉంది. పరీక్ష అయిపోగానే సెట్టింగ్‌ని మళ్లీ ఆటోకి మార్చేశాను. ఒకవైపు 100కి బిగించి అవతల స్విచ్‌ని ఆటోలో వదిలేస్తే, స్విచ్ ఒకసారికి ఒకవైపే డేటా నడిపే హాఫ్ డూప్లెక్స్‌లోకి పోతుంది. లింక్ ఉన్నట్టే ఉంటుంది, కాపీలు మాత్రం నత్తనడక నడుస్తాయి.

డ్రైవర్ మీద ఇంకా కొంచెం అనుమానం మిగిలింది. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి `ip link` కొట్టాను. `NO-CARRIER` అంది. రెండు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకే మాట చెబుతుంటే ఇంకా విండోస్‌ని తిట్టడంలో అర్థం లేదు.

టార్చి తెచ్చి, మూత లాగి, పోర్టులోకి చూశాను. ఇది చివర చేశాను గానీ మొదటే చేయాల్సింది, అర నిమిషం పని. పైన ఎనిమిది సన్నటి పిన్నులు ఒకే వాలులో, దువ్వెన పళ్లలా ఉండాలి. మధ్యవి ఆరూ బాగానే ఉన్నాయి. కుడి చివరది లోపలికి పూర్తిగా అణిగిపోయింది. ఎడమ చివరది కొద్దిగా కుంగింది. పిన్నులు పైన, క్లిప్పు చోటు కింద ఉన్న పోర్టులోకి ఎదురుగా చూస్తే ఎడమ చివరది ఒకటో పిన్ను, కుడి చివరది ఎనిమిదోది.

రెండు చివర్లే ఎందుకు? ఇది తెలిసిన కథే. టెలిఫోన్ వైరు ప్లగ్ ఈథర్నెట్ ప్లగ్ కంటే సన్నం, కాబట్టి ఈథర్నెట్ పోర్టులోకి సులువుగా దూరుతుంది. దూరినప్పుడు దాని ప్లాస్టిక్ అంచులు సరిగ్గా ఒకటో, ఎనిమిదో పిన్నుల కిందికి వచ్చి వాటిని పైకి నొక్కేస్తాయి. తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా ఫోన్ వైరు పెట్టావా?"

"ఆ, మోడెమ్ డబ్బాలో రెండు వైర్లుంటే సన్నది పెట్టా అన్నయ్యా. టక్కుమని పట్టింది కూడా. లైటు రాలేదని తీసేసి రెండోది పెట్టా, వచ్చింది. అదేమన్నా తప్పా?"

అది జరిగి ఆరు నెలలు. అప్పటినుంచే పెద్ద ఫైళ్ల కాపీ నెమ్మదించిందని, అవతలి యంత్రంలో హార్డ్ డిస్క్ ముసలిదైందని తిట్టుకుంటున్నాను. ఇప్పుడు లెక్క కుదిరింది. ఎనిమిదో పిన్ను ఆ రోజే పోయింది. గిగాబిట్ కుదరక చిప్ తనంతట తానే 100కి దిగింది, నేను లైటు వెలుగుతోంది కదా అని చూసి ఊరుకున్నాను. సెకనుకి 110 మెగాబైట్ల దగ్గర నడిచే కాపీ 11 దగ్గర నడిచింది. 40 జీబీ ఫోల్డరు ఆరు నిమిషాలకి బదులు గంట పట్టేది. `Get-NetAdapter`లో `LinkSpeed` ఒక్కసారి చూసుంటే ఆ రోజే తెలిసేది.

మరి ఒకటో పిన్ను ఆరు నెలలు ఎలా నెట్టుకొచ్చింది? ఇక్కడే నేను పొగిడిన ఆ మూత దొరికిపోయింది. అది కొత్తలో స్ప్రింగు బిగువుతో ప్లగ్‌ని పైకి, పిన్నులకేసి నొక్కి పట్టేది. కుంగిన పిన్ను కూడా ఆ ఒత్తిడికి తగిలేది. స్ప్రింగు సడలేకొద్దీ ప్లగ్ కేబుల్ బరువుకి కిందికి వాలింది, ఒకటో పిన్ను గాల్లో ఉండిపోయింది. నమ్మకం కుదరడానికి కేబుల్ పెట్టి, ప్లగ్‌ని వేలితో పైకి ఎత్తి పట్టుకున్నాను. లైటు వచ్చింది! వేలు తీస్తే పోయింది. చిప్ బతికే ఉంది.

షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పళ్లపుల్ల కొసతో రెండు పిన్నుల్నీ మెల్లగా కిందికి, మిగతావాటి వరసకి తెచ్చాను. ఇనప సూది వాడలేదు, పిన్ను మీది బంగారు పూత గీసుకుపోతుంది. ఆన్ చేస్తే లైటు వచ్చింది, `LinkSpeed` 1 Gbps. ఆ సాయంత్రం ఈ ల్యాప్‌టాప్ అంటే నాకు మళ్లీ ప్రేమ పుట్టింది.

పదకొండు రోజులు. ఒకసారి బాగా వంగిన పిన్ను తన స్ప్రింగు గుణాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది, ప్రతి కేబుల్‌కీ కొంచెం కొంచెం లొంగుతుంది. ముందు 100కి పడింది, తర్వాత చీకటి. రెండోసారి సరిచేస్తే నాలుగు రోజులు. ఆపైన మానేశాను. పోర్టు మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంది. విప్పి మార్చొచ్చు గానీ, మిగతా అంతా బాగున్న బోర్డు మీద ఆ వేడి పెట్టించడానికి నాకు మనసొప్పలేదు. మీ మోడల్‌లో ఈ పోర్టు వేరే చిన్న బోర్డు మీద ఉంటే లెక్క మారుతుంది.

ఇప్పుడు యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్ వాడుతున్నాను. యూఎస్‌బీ 3 సాకెట్‌లో పెడితే గిగాబిట్ వస్తోంది, పాత యూఎస్‌బీ 2 సాకెట్‌లో పెడితే సగం కూడా రాదు. మొదటిరోజు ఒక చిన్న చిక్కొచ్చింది. అడాప్టర్ మ్యాక్ అడ్రస్ వేరు కాబట్టి, రూటర్‌లో ల్యాప్‌టాప్‌కి నేను కేటాయించుకున్న ఐపీ దీనికి రాలేదు. రూటర్‌లో కొత్త అడ్రస్ రాసుకున్నాక సర్దుకుంది.

కొనమంటానా? వైఫైతో సరిపెట్టుకునేవాళ్లయితే కొనుక్కోండి, ఈ గొడవేదీ మీకు తగలదు. తప్పు కూడా సగం మా తమ్ముడిది, ఇంకో సగం ఆరు నెలలు వేగం చూసుకోని నాది. కానీ నాలా రోజూ కేబుల్ తీసి పెట్టేవాళ్లయితే, దవడ మూత లేని పూర్తి సైజు పోర్టున్న మోడల్ కొంచెం మందంగా ఉన్నా నేను దానివైపే చూస్తాను. ప్రస్తుతానికి ఆ మూత మీద టేపు ముక్క అంటించాను. తమ్ముడు వచ్చినప్పుడల్లా దాన్నే చూస్తాడు, ఏమీ అనడు.