పండగ ఆఫర్ పోస్టుకి గడువు తెలుసు, మన షట్టర్ సంగతి తెలియదు: బీసెంట్ రోడ్డు పక్క సందులోంచి ఒక సమీక్ష

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటే ఏమిటో, ఎలా వెరిఫై చేయించుకోవాలో ఇక్కడ రాయను. షాపున్న వాళ్లందరికీ ఈపాటికి తెలిసిందే. నేను రాసేది మ్యాప్స్‌లో మన షాపు పేరు కింద తగ్గింపు కనపడేలా అందులో పెట్టే ఆఫర్ పోస్టు గురించి, అదీ దసరా రోజుల్లో వాడినప్పటి సంగతి. మాది విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో చీరల షాపు. రోడ్డు మీద నడిచేవాళ్లకి మా బోర్డు కనపడదు. వెతుక్కుని రావాల్సిందే. అందుకే కొన్నేళ్లుగా ప్రతి పండక్కీ ఈ పోస్టు పెడుతున్నాం.

నాకు ఇందులో బాగా నచ్చినది ఒక్కటే, ముగింపు తేదీ. ఆఫర్ పోస్టు పెట్టాలంటే మొదలు, ముగింపు తేదీలు ఇవ్వక తప్పదు. కావాలంటే టైమ్ కూడా ఇవ్వొచ్చు. ఆ తేదీ దాటితే ఆఫర్ దానంతటదే పక్కకు పోతుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఫ్లెక్సీ కట్టించిన వాళ్లకి దీని విలువ తెలుస్తుంది. పండగ అయిన పది రోజులకు కూడా ఎవరో ఒకరు ఫోన్‌లో ఫ్లెక్సీ ఫొటో చూపించి "మీ బోర్డే కదండీ ఇది, పది శాతం తగ్గించండి" అంటారు. కౌంటర్లో నాన్నగారు మొహమాటపడి తగ్గించేస్తారు. ఆఫర్ పోస్టు మొదలుపెట్టాక ఆ గొడవ చాలావరకు తగ్గింది. మామూలు అప్‌డేట్ పోస్టుకి ఈ సుఖం లేదు. అప్పట్లో అది వారం రోజులకే వెనక్కి వెళ్లిపోయేది, ఇప్పుడు ఆరు నెలలు ఉంటోంది. కాబట్టి దసరా సంగతి అందులో రాస్తే, మనం గుర్తుపెట్టుకుని తీసేయకపోతే సంక్రాంతి దాటాక కూడా కనపడుతుంది.

అయితే ఆ తేదీలు పోస్టుకి మాత్రమే. షాపు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో వాటికి సంబంధం లేదు. 2024 దసరాకి మాకు దెబ్బ తగిలింది ఇక్కడే.

ఆ ఏడాది సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద వచ్చింది. సింగ్ నగర్ వైపు మా పాత కస్టమర్లలో చాలామంది ఇళ్లు నీళ్లలో ఉన్నాయి. వాళ్లు చీరలు కొంటారని ఎలా అనుకుంటాం? ఇంద్రకీలాద్రికి బయటి ఊళ్ల నుంచి వచ్చే జనం మీదే ఆశ పెట్టుకున్నాం. ప్రొఫైల్ పని అప్పట్లో ఒక చిన్న ఏజెన్సీకి అప్పగించి ఉంది. రాత్రి 11 దాకా తెరిచి ఉంటామని, విజయదశమి రోజు మాత్రం మధ్యాహ్నం 2కే పూజ చేసుకుని మూసేస్తామని, రెండు వేలు దాటిన చీరలపై పది శాతం తగ్గింపని వాళ్లకు చెప్పాం.

వాళ్లు మొదట పెట్టిన పోస్టు తిరస్కరణకు గురైంది. కారణం అడిగితే "గూగుల్ అంతే సార్" అన్నారు. పోస్టు తెరిచి చూస్తే చివరి లైనులో మా సెల్ నంబరు ఉంది. కరపత్రం అలవాటు, కింద నంబరు లేకపోతే మనకు తృప్తి ఉండదు. కానీ పోస్టు మ్యాటర్‌లో ఫోన్ నంబరు రాయకూడదన్నది అక్కడి నియమం. నంబరు తీసి మళ్లీ పెట్టారు, అది వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది, "రాత్రి 11 వరకు" అని స్పష్టంగా ఉంది. మేమంతా అది చూసుకుని సంతోషపడ్డాం.

అక్టోబర్ 9, మూలా నక్షత్రం. అమ్మవారి సరస్వతీ అలంకారం రోజు. వన్ టౌన్ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు, జనం మా గవర్నర్‌పేట దాకా నడుచుకుంటూ వస్తారు. రాత్రి తొమ్మిది వరకు షాపు కిటకిటలాడింది. తొమ్మిది దాటాక ఒక్కసారిగా పల్చబడింది, ఫోన్లూ ఆగిపోయాయి. బయట రోడ్డు మీద జనం అలాగే ఉన్నారు. తొమ్మిదిన్నర ప్రాంతంలో తల్లీకూతుళ్లు ఇద్దరు లోపలికి వచ్చారు. కూతురు అంది, "అన్నా, మ్యాప్స్‌లో మూసేశారని చూపిస్తోంది. పక్క షాపుకి వెళ్తూ లైట్లు వెలుగుతున్నాయని వచ్చాం." ఫోన్ చూపించింది. మా పేరు కింద ఎర్ర అక్షరాల్లో క్లోజ్డ్ అని ఉంది. ఇంకాస్త కిందికి జరిపితే మా ఆఫర్ పోస్టు, అందులో రాత్రి 11 వరకు అని. రెండూ ఒకే పేజీలో!

జరిగింది ఇదీ. మామూలు వేళలు ఉదయం 10 నుంచి రాత్రి 9. పోస్టులో ఏం రాసినా ఆ వేళలు మారవు. పండగ వేళల కోసం ప్రొఫైల్ ఎడిట్ చేసే చోట, వేళల విభాగంలోనే, 'స్పెషల్ అవర్స్' అని విడిగా ఉంటుంది. ఏ తేదీకి ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో అక్కడ ఇవ్వాలి. ఏజెన్సీ వాళ్లు దాన్ని ముట్టుకోలేదు. ఆ రాత్రి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

రాత్రిపూట పోయిన బేరాలు ఎన్నో లెక్క తెలియదు, ఎందుకంటే రానివాళ్లు వచ్చి చెప్పరు. దసరా రోజు, అక్టోబర్ 12న, ఇదే తిరగబడింది. మేము రెండింటికి మూసేశాం, మ్యాప్స్ మాత్రం తొమ్మిది దాకా తెరిచే ఉంటుందంది. సాయంత్రం ఒకాయన గుడివాడ నుంచి కుటుంబంతో వచ్చి, షట్టర్ ఫొటో తీసి ఒక్క స్టార్ ఇచ్చాడు. "ఓపెన్ అని చూపించి మూసేశారు, పిల్లలతో ఎండలో తిరిగాం." ఆయన్ని ఏమంటాం? క్షమించమని జవాబు రాశాం. ఆ స్టార్ అలాగే ఉంది. నన్నడిగితే, ఆలస్యంగా మూసే వేళల కన్నా త్వరగా మూసే రోజును పెట్టకపోవడమే ఎక్కువ నష్టం. ఒకటి బేరం పోగొడుతుంది, రెండోది మనిషిని రప్పించి మరీ కోపం తెప్పిస్తుంది.

2025లో ఈ పని నేనే పెట్టుకున్నాను. పోస్టు కన్నా ముందు స్పెషల్ అవర్స్. సెప్టెంబర్ 26 నుంచి అక్టోబర్ 1 దాకా రోజుకొక వరుస, ఉదయం 10 నుంచి రాత్రి 11. అక్టోబర్ 2 విజయదశమికి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2. మూలా నక్షత్రం లాంటి మన స్థానిక రద్దీ రోజులు అక్కడ సూచనగా రావు, మనమే తేదీ చేర్చాలి. మార్పు సాధారణంగా కాసేపట్లో కనపడుతుంది గానీ ఒక్కోసారి పరిశీలనలో ఆగుతుంది. అందుకే పండగ ముందు రోజు రాత్రి దాకా ఉంచలేదు. తర్వాత మా సేల్స్ అమ్మాయి ఫోన్‌లో మ్యాప్స్ తెరిపించి చూశాను. ఓనర్ లాగిన్ ఉన్న ఫోన్‌లో చూస్తే ఎడిట్ చేసే పేజీయే ముందుకొస్తుంది, కస్టమర్‌కి కనపడేది అర్థం కాదు. వేళల మీద నొక్కితే వారం రోజుల పట్టిక తెరుచుకుంటుంది. అందులో ఆ తేదీలకు కొత్త టైమ్ కనిపిస్తే అయిపోయినట్టే.

ఆ తర్వాతే పోస్టు. ఇక్కడ టైటిల్‌కి 58 అక్షరాలే ఇస్తారు. 58 అంటే బోలెడు అనుకుంటాం. తెలుగులో కాదు. దాని లెక్కలో గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, వత్తు అక్షరం ఇంకొకటి. 'ప్రత్యేక' మన కంటికి మూడక్షరాలే, అక్కడ ఎనిమిది. నాన్నగారు చెప్పిన టైటిల్ ఇది: "విజయదశమి శుభాకాంక్షలతో మా షాపులో ప్రత్యేక పండుగ డిస్కౌంట్ ఆఫర్". ఖాళీలతో కలిపి 62 అయింది, పెట్టె ఒప్పుకోలేదు. పైగా ఎంత తగ్గింపో, దేని మీదో అందులో ఒక్క ముక్క లేదు. చివరికి ఇలా పెట్టాను: "దసరా ఆఫర్: చీరలపై 10% తగ్గింపు, రాత్రి 11 వరకు". ఇది 46. శుభాకాంక్షలు ఏవని నాన్నగారు ఇప్పటికీ అడుగుతుంటారు.

వివరణకి 1500 దాకా స్థలం ఉంది గానీ, కార్డు మీద మొదటి రెండు లైన్లే కనపడతాయి. అందుకని అమ్మవారి ఆశీస్సులతో మొదలుపెట్టకుండా నేరుగా వేళలే రాశాను: "సెప్టెంబర్ 26 – అక్టోబర్ 1: ఉదయం 10 – రాత్రి 11. అక్టోబర్ 2: ఉదయం 8 – మధ్యాహ్నం 2 వరకే." రెండు వేలు దాటిన చీరలకే అన్న మాట షరతుల గడిలో ఒకసారి, వివరణలో ఇంకోసారి రాశాను. షరతులు తెరిచి చదివేవాళ్లు తక్కువ. కూపన్ కోడ్ `DASARA10` ఇచ్చాను. అది చెప్పినవాళ్లు మ్యాప్స్ చూసి వచ్చారని మాకు తెలియడానికే, చెప్పకపోయినా తగ్గింపు ఇచ్చాం. ఫొటో మాత్రం అడ్డంగా ఉండాలి. వాట్సాప్ స్టేటస్ కోసం చేయించిన నిలువు పోస్టర్ పెడితే పైన అమ్మవారి బొమ్మ, కింద ధర రెండూ కోసుకుపోతాయి.

ఈసారి తొమ్మిది దాటాక కూడా ఫోన్లు వచ్చాయి. అయితే ఆఫర్ పోస్టులో కాల్ బటన్ పెట్టుకునే వీలు లేదు, అది మామూలు అప్‌డేట్ పోస్టులోనే ఉంది. పోస్టు దగ్గర ఆగిపోయిన మనిషి ఫోన్ చేయాలంటే మళ్లీ పైకి వెళ్లాలి. అందుకని వేళల గురించి కాల్ బటన్‌తో ఒక అప్‌డేట్, తగ్గింపు గురించి ఒక ఆఫర్, రెండూ పెట్టాను. అక్టోబర్ 3న ఆ అప్‌డేట్‌ని నా చేత్తో తీసేయాల్సి వచ్చింది.

మొదట్లో మెచ్చుకున్న ముగింపు తేదీ గురించి కూడా ఒక మాట. పోస్టు పోతుంది గానీ, దాని స్క్రీన్‌షాట్ పోదు. దీపావళి ముందు ఒకావిడ ఆ స్క్రీన్‌షాటే చూపించారు. తేదీ కూడా అందులో ఉంది, అదొక్కటే నయం. నాన్నగారు మాత్రం యథాప్రకారం తగ్గించారు.

కొత్త జనం వెతుక్కుని రావాల్సిన మాలాంటి సందు షాపుకి ఇది పనికొచ్చింది. మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డుతో ఉన్నవాళ్లకి ఇంత కష్టం అవసరమో కాదో చెప్పలేను. మా పాత కస్టమర్లు ఇప్పటికీ వాట్సాప్ స్టేటస్ చూసే వస్తారు, ఈ పోస్టు వాళ్లకి కనపడనే కనపడదు. ఎన్ని కాల్స్, ఎంతమంది దారి అడిగారు అన్న లెక్క ప్రొఫైల్‌లో ఉంటుంది, వాళ్లలో ఎవరు కొన్నారో ఉండదు. కోడ్ చెప్పినవాళ్లు కొందరే, కానీ వాళ్లలో చాలామంది బయటి ఊళ్లవాళ్లు. వచ్చే దసరాకి పోస్టు పెట్టే తీరిక లేకపోతే పోస్టు మానేస్తానేమో గానీ, స్పెషల్ అవర్స్ మాత్రం సెప్టెంబర్‌లోనే పెట్టేస్తాను.