రెండు కేబుళ్ల అప్‌లింక్: చాలాకాలం వాడిన తర్వాత

రెండు గిగాబిట్ కేబుళ్లు కలిపి కడితే రెండు గిగాబిట్ల వేగం వస్తుందని స్విచ్‌లు అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాట మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. ఇలా కేబుళ్లను జట్టుగా కట్టే లింక్ అగ్రిగేషన్ మంచిదే. మా ఆఫీసులో చాలాకాలం నమ్మకంగా పనిచేసింది, ఇప్పటికీ ఒక మూల పనిచేస్తూనే ఉంది. కానీ అది ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో చెప్పకుండా అంటగట్టడం కొనేవాడికి అన్యాయం.

మాది విజయవాడలో భవనాల డిజైన్లు గీసే ఆఫీసు. కింది అంతస్తులో సర్వర్, దాని పక్కనే ఒక స్విచ్. పై అంతస్తులో 34 మంది డిజైనర్లు, వాళ్లందరికీ మరో స్విచ్. సర్వర్ కింది స్విచ్‌కు 10 గిగాబిట్ల పోర్టుతో కలిసి ఉంది. పై స్విచ్ పాతది, దాని పోర్టులన్నీ ఒక గిగాబిట్‌వే. రెండు స్విచ్‌లను కలిపే అప్‌లింక్ అప్పట్లో ఒకే ఒక్క కేబుల్. పైన 34 గిగాబిట్లు అడగగలిగే మనుషులు, మధ్యలో ఒక గిగాబిట్ దారి. ఓవర్‌సబ్‌స్క్రిప్షన్ అంటే ఇదే, 34కి 1. ఈ నిష్పత్తి చూసి భయపడనక్కర లేదు. అందరూ ఒకే క్షణంలో అడగరు కాబట్టి చాలా ఆఫీసులు ఇంతకంటే ఎక్కువ నిష్పత్తితోనూ హాయిగా నడుస్తాయి. మా చిక్కల్లా ఉదయం పని మొదలయ్యే అరగంట. 250 మెగాబైట్ల డ్రాయింగును ఒక్కరే తెరిస్తే రెండు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. పదిమంది ఒకేసారి తెరిస్తే ఒక్కొక్కరికి ఇరవై సెకన్లు దాటుతుంది. అదే దారిలో వెళ్లే ఆఫీసు ఫోన్లలో మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది.

అయిదు నిమిషాల సగటు చూపించే గ్రాఫులో అప్పుడు అప్‌లింక్ వాడకం ముప్పై శాతం దగ్గరే కనిపించేది. ఆ గ్రాఫును నమ్మి ‘దారి ఖాళీగానే ఉంది’ అనుకుంటే అసలు జబ్బు దొరకదు. సర్వర్ వైపు నుంచి డేటా 10 గిగాబిట్ల వేగంతో వస్తుంది, పైకి మాత్రం ఒక గిగాబిట్‌తోనే పోవాలి. ఒక మెగాబైటు స్విచ్‌లోకి రావడానికి 0.8 మిల్లీసెకను, అది బయటకు పోవడానికి 8 మిల్లీసెకన్లు. ఈలోపు మిగిలిన 0.9 మెగాబైటును స్విచ్ తన బఫర్‌లో పట్టి ఉంచాలి. అలాంటివి నాలుగైదు ఒకేసారి వస్తే బఫర్ నిండిపోయి ప్యాకెట్లు పడిపోతాయి. సగటు గ్రాఫులో ఇది కనపడదు. చూడవలసింది కింది స్విచ్‌లో, పైకి వెళ్లే పోర్టు మీద పడిపోయిన ప్యాకెట్ల లెక్క. సిస్కో స్విచ్‌లలో అది ఇలా దొరుకుతుంది:

```
show interfaces Gi1/0/47 | include output drops
```

ఉదయం పనివేళలో ఈ అంకె పెరుగుతూ, రాత్రి కదలకుండా ఉంటే అప్‌లింక్ చాలడం లేదని అర్థం. అంకె కదలకపోతే ఎన్ని కేబుళ్లు కలిపినా డబ్బు దండగ. తప్పు సర్వర్ డిస్కులోనో, ఇంటర్నెట్ లైనులోనో వెతకాలి.

మా అంకె పెరుగుతోంది. పాత స్విచ్ మార్చే బడ్జెట్ అప్పట్లో లేదు కాబట్టి రెండో కేబుల్ లాగి, రెండు వైపులా ఆ కేబుళ్లను ఒక జట్టుగా నడిపే ఎల్ఏసీపీ పెట్టాం. దానితో డ్రాయింగులు సేవ్ చేయడం వెంటనే తేలికైంది. తెరవడం మాత్రం మునుపటిలాగే ఉండిపోయింది. లెక్కలు చూస్తే పై స్విచ్‌లో రెండు కేబుళ్ల మీదా ప్యాకెట్లు సమంగా పోతున్నాయి. కింది స్విచ్‌లో మాత్రం ఒక పోర్టు కిక్కిరిసి ఉంది, రెండోది దాదాపు ఖాళీ.

కారణం ఇది. స్విచ్ ఏ ప్యాకెట్‌ను ఏ కేబుల్ మీద పంపాలో రద్దీ చూసి నిర్ణయించదు. చిరునామాలతో ఒక చిన్న లెక్క కట్టి, దాని ఫలితం ఏ కేబుల్ చూపిస్తే ఆ కేబుల్ మీదే పంపుతుంది. ఒక సంభాషణలోని ప్యాకెట్లు వెనకాముందూ కాకూడదని ఈ ఏర్పాటు. టికెట్ కౌంటర్లు రెండు పెట్టి, ఎవరు ఎక్కడ నిలబడాలో ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి తేల్చినట్టన్నమాట. ఒక కౌంటర్ ఖాళీగా ఉన్నా అక్కడికి జరగడానికి వీల్లేదు. మా స్విచ్‌లు వచ్చినప్పటి అమరికలో ఆ లెక్క కట్టేది పంపేవారి మ్యాక్ చిరునామా, అంటే నెట్‌వర్క్ కార్డుకు పుట్టుకతో వచ్చే గుర్తు, ఒక్కదానితోనే. పై నుంచి పంపేవారు 34 మంది కాబట్టి అటువైపు పంపకం బాగా కుదిరింది. కింది నుంచి పంపేది ఒకే సర్వర్, దానికి ఒకే చిరునామా. అందుకే డేటా అంతా ఒకే కేబుల్ ఎక్కింది. కింది స్విచ్‌లో రెండు వైపుల ఐపీ చిరునామాలనూ చూడమని చెప్పాక కానీ రెండో కేబుల్‌కు పని దొరకలేదు:

```
show etherchannel load-balance
configure terminal
port-channel load-balance src-dst-ip
```

రెండు చివరలూ ఎవరి లెక్క వారే కట్టుకుంటాయి కాబట్టి ఒకవైపు మారిస్తే రెండో వైపు మారదు. పంపే స్విచ్‌లోనే మార్చాలి. ఇంకో సంగతి, ఈ రకం స్విచ్‌లలో లెక్క ఫలితం ఎనిమిది గడులలో ఒకదానిలో పడుతుంది. మూడు కేబుళ్లు పెడితే గడులు 3, 3, 2గా పంచుకుంటాయి కాబట్టి బరువు సమంగా పడదు. రెండో, నాలుగో పెట్టుకోవడం మేలు.

ఆ మార్పు తర్వాత ఉదయాలు నిజంగా ప్రశాంతంగా గడిచాయి. ఫోన్లలో మాట తెగడం ఆగింది. అంతకంటే నన్ను సంతోషపెట్టిన సంఘటన ఇంకొకటి ఉంది. ఏసీ పని చేయడానికి వచ్చినవాళ్లు పైకప్పు మీద ఒక కేబుల్ తెంపేశారు. ఆఫీసులో ఒక్కరికీ తెలియలేదు, నడుస్తున్న ఫోను కాల్ కూడా తెగలేదు. లింక్ అగ్రిగేషన్‌ను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఈ గుణానికే. అయితే ఎవరికీ తెలియకపోవడంలో ఒక చిక్కు కూడా ఉంది. స్విచ్ నుంచి హెచ్చరిక వచ్చే ఏర్పాటు లేకపోతే ఆఫీసు సగం వేగంతో నెలల తరబడి నడిచినా పట్టించుకునేవారుండరు. `show etherchannel summary` లో పోర్టు పక్కన `(P)` ఉంటే జట్టులో ఉన్నట్టు, `(D)` ఉంటే పడిపోయినట్టు. ఇప్పుడు అది నా వారపు తనిఖీలో భాగం.

అసలు దెబ్బ తగిలింది శనివారాలు. బ్యాకప్ పెట్టె పై అంతస్తులో ఉంది, సర్వర్ ఉన్న గదిలోనే బ్యాకప్ ఉండకూడదని. శుక్రవారం అర్ధరాత్రి 4 టెరాబైట్ల పూర్తి బ్యాకప్ మొదలవుతుంది. అది ఒకే సర్వర్‌కూ ఒకే పెట్టెకూ మధ్య సంభాషణ, అంటే ఒకే కేబుల్. సెకనుకు 112 మెగాబైట్ల చొప్పున దాదాపు పది గంటలు, శనివారం ఉదయం పది దాకా. రెండు కేబుళ్లున్నా నాలుగున్నా ఈ లెక్క మారదు.

శనివారం ఉదయం ఒక సీనియర్ డిజైనర్ పిలిచి, “ఏమండీ, పక్క సీటులో ఆయనకు రెండు సెకన్లలో తెరుచుకుంటోంది, నాకు టీ తాగి వచ్చినా తెరుచుకోవడం లేదు. నా కంప్యూటర్‌కు ఏమైనా అయిందా?” అని అడిగారు. ఆయన కంప్యూటర్ భేషుగ్గా ఉంది. సీట్లు మార్చినా, కేబుల్ మార్చినా తేడా లేదు. ఇంకా ఎవరెవరికి నిదానంగా ఉందో అడిగితే పైఅంతస్తులో సుమారు సగంమంది చేతులెత్తారు. ఒకే వరుసలో ఒకరికి ఉంటే పక్కవారికి లేదు. వైరింగ్‌లో తప్పుంటే జబ్బు ఇలా ఒకటి విడిచి ఒకటిగా రాదు. కింది స్విచ్‌నే అడిగాను, సర్వర్ నుంచి ఆయన కంప్యూటర్‌కు ఏ కేబుల్ ఎంచుకుంటావని:

```
test etherchannel load-balance interface port-channel 1 ip 192.168.10.5 192.168.10.41
Would select Gi1/0/47 of Po1
```

బ్యాకప్ పెట్టె చిరునామా ఇచ్చినా అదే 47 వచ్చింది. ఫిర్యాదు చేసినవారి చిరునామాలన్నీ ఒక్కొక్కటే ఇస్తూ పోయాను, అందరూ 47 మీదే. హాయిగా ఉన్నవారంతా 48 మీద. ఒక కేబుల్‌ను బ్యాకప్ పూర్తిగా ఆక్రమించింది, దానికి పడిన పదిహేను పదహారు మంది దానితో కుస్తీ పడుతున్నారు. పక్క కేబుల్ ఖాళీగా ఉన్నా వాళ్లకు అటు వెళ్లే దారి లేదు. బ్యాకప్‌ను శనివారం సాయంత్రానికి జరిపి తాత్కాలికంగా గట్టెక్కాం. రెండింతల వేగం అనే మాట మీద నా ఫిర్యాదు పుట్టింది మాత్రం ఆ ఉదయమే.

పై స్విచ్ మార్చే అవకాశం వచ్చినప్పుడు 10 గిగాబిట్ల అప్‌లింక్ ఉన్నదే కొన్నాం. రెండు అంతస్తుల మధ్య ఓఎం3 ఫైబర్ వేశాం. దాని మీద 10 గిగాబిట్ల వేగం 300 మీటర్ల వరకు పోతుంది, మాకు కావలసింది నలభై మీటర్లలోపే. మీ గోడల్లో ఇప్పటికే పాత ఓఎం1 ఫైబర్ ఉంటే దాని మీద ఈ వేగం 33 మీటర్లకే పరిమితం. కొత్త స్విచ్ కొనేముందే కేబుల్ మీద ముద్రించిన అక్షరాలు చదువుకోండి. బ్యాకప్ పెట్టెకు కూడా 10 గిగాబిట్ల కార్డు వేశాం. దాని డిస్కులు రాయగలిగినంత వేగంతో, సెకనుకు 320 మెగాబైట్ల దగ్గర, పూర్తి బ్యాకప్ మూడున్నర గంటల్లో ముగుస్తోంది. నిష్పత్తి 34కి 1 నుంచి 3.4కి 1కి దిగింది. అప్‌లింక్ మీద ప్యాకెట్లు పడిపోవడం దాదాపు ఆగింది.

ఈ మెప్పుకు కొన్ని షరతులున్నాయి. మా సర్వర్‌కు ముందే 10 గిగాబిట్ల పోర్టు ఉంది. అది గిగాబిట్‌దే అయివుంటే ఇరుకు అప్‌లింక్ నుంచి సర్వర్ పోర్టుకు జరిగేదే తప్ప ఎవరికీ ఒరిగేది లేదు. ఒక్కొక్క డిజైనర్ సీటు దగ్గర ఇప్పటికీ గిగాబిట్టే కాబట్టి ఒంటరిగా తెరిచే డ్రాయింగుకు ఇప్పటికీ అవే రెండు సెకన్లు. మా ఇంటర్నెట్ లైను 300 మెగాబిట్లది, దానికి ఇవేవీ పట్టలేదు. ఫైబర్ ఒక్కటే కావడంతో కేబుల్ తెగినా ఆగకుండా నడిచే ఆ పాత ధీమా కూడా పోయింది. ఎల్ఏసీపీ వేర్వేరు వేగాల లింకులను ఒక జట్టులో చేర్చుకోదు. అందుకే పాత రెండు కేబుళ్ల జట్టును తీసేయకుండా అలాగే ఉంచాం. ఒకే చోటికి రెండు దారులుంటే ఒకదాన్ని ఆపి ఉంచే స్పానింగ్ ట్రీ దాన్ని మూసి ఉంచుతుంది, ఫైబర్ పడిపోతే తెరుస్తుంది. ఒక ఆదివారం ఫైబర్ పీకి చూశాను. కొద్ది క్షణాల్లో కేబుళ్లు బరువు ఎత్తుకున్నాయి.

కాబట్టి నా తీర్పు మాలాంటి ఆఫీసుకే వర్తిస్తుంది. ఒకే పెద్ద సంభాషణ, అంటే బ్యాకప్ గానీ భారీ వీడియో ఫైళ్లు గానీ, రెండు స్విచ్‌ల మధ్య గంటల తరబడి నడిచేచోట వేగమైన అప్‌లింక్ తప్ప వేరే మందు నాకు కనపడలేదు. చిన్న చిన్న సంభాషణలు చాలామందివి ఉండి, పాత స్విచ్‌లు ఇంకా కొంతకాలం నడవాలంటే రెండు కేబుళ్ల జట్టు చాలు, పంపే చివర లెక్క సరిచేస్తేనే. గవర్నర్‌పేటలో నేను చూసే ఇంకో చిన్న ఆఫీసులో పన్నెండు మంది ఉన్నారు. వాళ్ల పనంతా ఇంటర్నెట్ మీదే. రెండో కేబుల్ వేయమని వాళ్లూ అడిగారు. పడిపోయిన ప్యాకెట్ల లెక్క చూపించాను, అది సున్నా. అక్కడ ఇప్పటికీ ఒక్క కేబులే ఉంది.