72 టెస్టుల ప్యాకేజీనా, డాక్టర్ రాసిన మూడేనా?

మా బావగారు ఫోన్‌లో ఒక ప్యాకేజీ చూపించి, "72 టెస్టులట, డాక్టర్ రాసిన మూడూ విడిగా చేయించినా దాదాపు ఇంతే అవుతోంది, ఇదే తీసుకుంటా" అన్నారు. నిజమే అనిపిస్తుంది, లిస్టు తెరిచి చూసేదాకా.

అందులో రక్తకణాల పరీక్ష, అదే సీబీసీ, ఒక్కటే 24 టెస్టుల కింద లెక్కేశారు. కానీ అది ఊదారంగు మూత ట్యూబు ఒకటి మెషీన్‌లో పెడితే నిమిషంలో వచ్చేసే ఒకే రిపోర్టు. లిపిడ్ కింద 8 ఉన్నాయి, మామూలుగా కొలిచేది మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్ మూడే, మిగతా ఐదూ కూడికలు, తీసివేతలు, భాగహారాలు. ఎల్‌డీఎల్ కూడా చాలాచోట్ల లెక్కకట్టిందే, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ పాత సూత్రం పనిచేయదు కూడా. లివర్‌లో 11కి మూడు ఇలాంటివే. అంటే 43 'టెస్టులు' రెండు ట్యూబుల్లో అయిపోయాయి, వీటిలో లెక్కకట్టినవాటి మీద ల్యాబుకు అదనపు ఖర్చు దాదాపు లేదు.

మరి విడి టెస్టు ఎందుకంత? మెషీన్ మీద రోజూ శాంపిల్స్ కంటే ముందు కంట్రోల్స్, అంటే ఫలితం ముందే తెలిసిన నమూనాలు, నడపాలి, తేడా వస్తే క్యాలిబ్రేట్ చేయాలి. పదిమంది వచ్చినా వెయ్యిమంది వచ్చినా వీటికయ్యే రసాయనాల ఖర్చు పెద్దగా మారదు. అందుకే రోజుకు వేలల్లో శాంపిల్స్ వచ్చే ల్యాబ్ తక్కువకు ఇవ్వగలదు, చిన్న ల్యాబ్ ఇవ్వలేదు, లేదా శాంపిల్‌ని పెద్ద ల్యాబుకే పంపి మధ్యలో తన వాటా కలుపుకుంటుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే మనిషి జీతం కూడా మూడు టెస్టులకైనా 72కైనా ఒకటే, ఆ లెక్కన ప్యాకేజీ చవగ్గా కనిపించడంలో వింతేం లేదు.

ఇంకోటి పద్ధతి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అని రెండుచోట్లా రాసి ఉన్నా ఒకరు హెచ్‌పీఎల్‌సీ అనే ప్రత్యేక మెషీన్ మీద చేస్తారు, ఇంకొకరు బయోకెమిస్ట్రీ మెషీన్ మీదే కానిచ్చేస్తారు. రెండోది తప్పని కాదు, కానీ ఈసారి ఇక్కడ, వచ్చేసారి అక్కడ చేయించి అంకె కాస్త పెరిగిందని టెన్షన్ పడితే అది షుగర్ పెరగడమో పద్ధతి తేడానో తెలీదు. పద్ధతి పేరు సాధారణంగా రిపోర్టులో టెస్టు పేరు కిందే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నాకైతే విడివే మేలు, ముఖ్యంగా షుగర్, థైరాయిడ్ లాంటివి పదేపదే చూసుకునేవాళ్లకు, అదీ ప్రతిసారీ ఒకే ల్యాబులో. డాక్టర్ రాసినవాటిలో ఐదారు గ్రూపులు ప్యాకేజీలో ఉంటే మాత్రం ప్యాకేజీ తీసుకోవచ్చు, కాకపోతే నార్మల్ రేంజ్ అనేది ఆరోగ్యవంతుల్లో 95 శాతం మందికి సరిపోయేలా గీసిన గీత, కాబట్టి ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే ఏ జబ్బూ లేకపోయినా కనీసం ఒకటి బయటికి పోయే అవకాశం 64 శాతం. బావగారికి అదే అయింది, ఆ ఒక్క ఎర్ర అంకె కోసం మళ్లీ టెస్టు, మళ్లీ డాక్టర్ ఫీజు. మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోయింది.