డీవీఆర్ ఫుటేజీని సాక్ష్యంగా బయటికి తీయడం: మిర్యాలగూడ మిల్లులో కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

మిర్యాలగూడలో మేము నడిపే రైస్ మిల్లుకు ఎనిమిది కెమెరాల డీవీఆర్ ఉంది. గేటు, వేబ్రిడ్జి, ధాన్యం దింపే కళ్లం, బస్తాల గోదాము అన్నీ అందులోనే రికార్డవుతాయి. దాని బొమ్మ నాణ్యత, రాత్రి వెలుతురు గురించి చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. రికార్డయిన ఫుటేజీని బయటికి తీసి, పోలీసులకో వకీలుకో కోర్టుకో చూపించవలసి వచ్చినప్పుడు ఈ యంత్రం ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడి విషయం. ఒక్క మాటలో చెప్పాలంటే, ఫైలు తీయడం వరకు ఇది నమ్మదగినదే, గడియారం విషయంలో నమ్మరాదు, దానితో వచ్చే ప్లేయర్‌ను మాత్రం ఫైలుతో సమానంగా భద్రపరచుకోవాలి.

మేము ఫుటేజీ తీయవలసి వచ్చిన సందర్భాల్లో ఒకటి వివరంగా చెబుతాను. యాసంగి కోతల కాలంలో ఒక రాత్రి, తూకం అయిన లారీ వెనక్కి వస్తూ వరుసలో ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని గుద్దింది. పక్కనే నిలబడిన రైతు కాలికి గాయమైంది. ఆ సమయానికి తమ బండి మిల్లు దాటి వెళ్లిపోయిందని లారీ వారు వాదించారు. వారికి ఆ వాదన ఎక్కడి నుంచి వచ్చిందంటే, గేటు రిజిస్టరులో లారీ బయటికి వెళ్లిన సమయం 22:48 అని ఉంది, మా ఫుటేజీలో ఢీకొన్న క్షణం మీద 22:55:32 అని కనిపిస్తుంది. పైకి చూస్తే రిజిస్టరూ ఫుటేజీ ఒకదాన్నొకటి కాదంటున్నట్టే ఉంది.

అసలు సంగతి ఏమిటంటే మా డీవీఆర్‌కు ఇంటర్నెట్ లేదు. బిగించిన రోజు ఇన్‌స్టాలర్ చేత్తో పెట్టిన సమయమే అప్పటి నుంచి నడుస్తున్నది, అది క్రమంగా ముందుకు జరిగిపోయింది. ఇలాంటప్పుడు ఎవరికైనా వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైము సరిచేయాలనిపిస్తుంది. ఫుటేజీ తీయకముందు ఆ పని చేయకూడదు. గడియారాన్ని వెనక్కి తిప్పితే ఒకే సమయం పేరుతో రెండు రికార్డింగులు ఏర్పడి వెతుకులాట గందరగోళమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఘటన జరిగిననాడు గడియారం ఎంత తేడాతో ఉందో చూపే ఆధారం అక్కడితో పోతుంది. మేము చేసినది ఇది: నెట్‌వర్క్ సమయం మీద నడిచే సెల్‌ఫోన్‌ను సెకన్లు కనిపించేలా పెట్టి, దాన్ని డీవీఆర్ మానిటర్ పక్కన పట్టుకొని, రెండూ ఒకే ఫొటోలో పడేలా ఇంకో ఫోన్‌తో తీశాము. తేడా 11 నిమిషాల 20 సెకన్లు, డీవీఆర్ ముందు. వారం తర్వాత మళ్లీ అలాగే తీస్తే 11 నిమిషాల 24 సెకన్లు వచ్చింది. అంటే వారానికి నాలుగు సెకన్ల చొప్పున జరుగుతున్నది కాబట్టి, ఘటన జరిగిన రెండో రోజున తీసిన లెక్క ఘటనకు ఒకటి రెండు సెకన్ల తేడాతో వర్తిస్తుంది.

ఈ తేడాను మా మాట మీద నమ్మమని అడగవలసిన అవసరం కూడా లేకపోయింది. వేబ్రిడ్జి కంప్యూటర్ నెట్‌కు కలిపి ఉంటుంది, తూకం చీటీ మీద అదే సమయం పడుతుంది. ఆ లారీ చీటీ మీద 22:41:10 అని ఉంది. ఫుటేజీలో అదే లారీ ప్లాట్‌ఫారం మీద కదలకుండా నిలబడినది 22:51:50 నుంచి 22:52:50 వరకు. వాటిలోంచి 11:20 తీసేస్తే 22:40:30 నుంచి 22:41:30 అవుతుంది, చీటీ ముద్రితమైన క్షణం సరిగ్గా ఆ నిమిషంలోనే పడుతుంది. అదే లెక్కన ఢీకొన్నది 22:44:12, గేటు దాటడానికి దాదాపు నాలుగు నిమిషాల ముందు. సమయం తప్పుగా ఉన్న ఫుటేజీ పనికిరాదని కొందరంటారు గాని, తప్పు ఎంతో తెలిసి, దాన్ని వేరొక ఆధారంతో సరిచూసినప్పుడు అది పనికొస్తుంది. పనికిరానిది తేడా ఎంతో ఎవరూ రాసిపెట్టుకోని ఫుటేజీ.

ఇక ఫైలు సంగతి. బ్యాకప్ మెనూలో రెండు రకాలు అడుగుతుంది: యంత్రం సొంత రూపమైన `.dav`, మార్చి ఇచ్చే `.mp4`. పెన్‌డ్రైవ్‌లో రెండూ తీసుకోవడం మంచిదే గాని, అసలుగా దాచవలసినది మొదటిదే. సొంత రూపంలో ప్రతి ఫ్రేముకూ దాని సమయం లోపలే ఉంటుంది. మా డీవీఆర్ ఇచ్చే ఎంపీ4లో ఆ సమయం మిగలదు, బొమ్మ మీద అచ్చుపడిన అంకెలు మాత్రమే మిగులుతాయి. మా గోదాము కెమెరా కదలిక ఉన్నప్పుడే రికార్డు చేస్తుంది. దాని ఎంపీ4లో మధ్యలో ఖాళీ ఉన్నచోట రెండు ముక్కలూ అతుక్కుపోయి వచ్చాయి, బొమ్మ మీది అంకెలు మూడు నిమిషాలు ఎగరడం గమనిస్తే తప్ప తెలియదు. అదే ఖాళీ అసలు ఫైలులో ప్లేయర్ కింది పట్టీ మీద రంగు లేని గీతగా స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యలో కత్తిరించారని అవతలి పక్షం అన్నప్పుడు ఆ పట్టీయే జవాబు.

ఘటన ఒక్కదాన్నే కత్తిరించి తీయవద్దని నా సలహా. మేము డీవీఆర్ గడియారం ప్రకారం 22:30 నుంచి 23:10 వరకు, నలభై నిమిషాలు పూర్తిగా తీశాము. లారీ తూకానికి రావడం, దిగడం, ఢీకొనడం, గేటు దాటడం అన్నీ తెగకుండా ఒకే ఫైలులో ఉన్నాయి. మా కెమెరాలు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తాయి కాబట్టి అది కెమెరాకు 600 ఎంబీకి మించదు. ఆలస్యం మాత్రం చేయరాదు. అదే లెక్కన ఒక కెమెరాకు రోజుకు 21.6 జీబీ, ఎనిమిదింటికి దాదాపు 173 జీబీ అవుతుంది, 2 టీబీ డిస్కు పదకొండు రోజులు దాటగానే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. సెల్‌ఫోన్ యాప్ నుంచి దించుకోవడం సులువే గాని, మా యాప్ ఇచ్చేది ఫోన్‌లో చూడడానికి వేరుగా నడిచే చిన్న బొమ్మ, అందులో లారీ నంబరు చదవలేము.

పెన్‌డ్రైవ్ తీసిన వెంటనే, ఇంకే కంప్యూటర్‌లోకీ కాపీ చేయకముందే, పెన్‌డ్రైవ్ మీదనే హాష్ తీయాలి, అంటే ఫైలు లోపలి సమాచారం నుంచి కంప్యూటర్ లెక్కకట్టే, ఫైలుకు వేలిముద్రలాంటి గుర్తు. విండోస్‌లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు:

```
certutil -hashfile E:\ch03_20250418223000_20250418231000.dav SHA256
```

వచ్చే 64 అక్షరాల వరుసను ముద్రించి తేదీ వేసి సంతకం చేశాము. తర్వాత చేసిన ప్రతి కాపీకీ మళ్లీ తీసి పోల్చాము. ఫైలు పేరు మార్చినా హాష్ మారదు, లోపల ఒక్క బిట్ మారినా మొత్తం మారిపోతుంది. ఫైలు పేరులోని సమయం కూడా డీవీఆర్ గడియారానిదేనని, విండోస్ చూపే ఫైలు తేదీ కాపీ చేసినప్పుడల్లా మారవచ్చునని గుర్తుంచుకోవాలి. హాష్‌కూ హద్దు ఉంది. అది తీసిన క్షణం నుంచి ఫైలు మారలేదని మాత్రమే అది చెబుతుంది, అంతకుముందు సంగతి చెప్పలేదు. అందుకే బ్యాకప్‌కూ హాష్‌కూ మధ్య ఎంత తక్కువ వ్యవధి ఉంటే అంత మంచిది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం నమూనాలో ఈ హాష్ విలువనూ ఏ పద్ధతిలో తీశారన్నదీ రాసే గడులే ఉన్నాయి. డీవీఆర్ తయారీ, మోడల్, సీరియల్ నంబరు కూడా అందులో అడుగుతారు. ‘ఎ’ భాగం ఫుటేజీ ఇచ్చేవారు నింపాలి, ‘బి’ భాగం నిపుణుడు నింపాలి.

నాకు ఎక్కువ అసంతృప్తి కలిగించినది ప్లేయర్. మొదట వకీలు గారు ఆ ఫైలును తమ ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే మామూలు వీడియో ప్లేయర్‌తో తెరిచారు. అది ఆడింది, అదే అసలు ప్రమాదం. నలభై నిమిషాల ఫైలు ఇరవై నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మా కెమెరా సెకనుకు 15 ఫ్రేములు రికార్డు చేస్తుంది. సొంత రూపంలోని సమయాలను చదవలేని ప్లేయర్ దాన్ని సెకనుకు 25 చొప్పున ఆడించింది. లారీ వెనక్కి రావడానికి నిజంగా పట్టిన పది సెకన్లు తెర మీద ఆరు సెకన్లయి, డ్రైవర్ విపరీతమైన వేగంతో వచ్చినట్టు కనిపించింది. అది మాకు అనుకూలంగా కనిపించే తప్పే గాని తప్పు తప్పే, అవతలి వకీలు గడియారం పట్టుకొని చూస్తే మొత్తం ఫుటేజీ మీదనే అనుమానం వస్తుంది. బొమ్మ మీది అంకెల్లో ఒక నిమిషం గడవడానికి చేతి గడియారంలో కూడా నిమిషమే పడుతున్నదా అని చూస్తే ఈ దోషం వెంటనే పట్టుబడుతుంది.

డీవీఆర్ బ్యాకప్‌తో పాటు తన ప్లేయర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లో వేస్తుంది, దానితో తెరిస్తే వేగమూ సమయమూ సరిగా వస్తాయి. కాని అది విండోస్‌లోనే నడుస్తుంది. కొత్త కంప్యూటర్‌లో నీలి హెచ్చరిక వస్తుంది, `More info` నొక్కి `Run anyway` ఇస్తే గాని తెరుచుకోదు. ఒకచోట యాంటీవైరస్ దాన్ని చెప్పకుండానే తీసేసింది. తయారీదారు వెబ్‌సైటులో ఇప్పుడున్న కొత్త ప్లేయర్ మా పాత ఫైళ్లను తెరిచినా కింది పట్టీ చూపించడం లేదు. అందుకే పెన్‌డ్రైవ్‌లో వచ్చిన పాత ప్లేయర్‌నే జిప్ చేసి, దానికీ హాష్ తీసి, ఫైలు పక్కనే ఉంచాము. మిల్లుకు సంబంధం లేని ఒక కంప్యూటర్‌లో తెరిచి చూసిన తర్వాతే కవరు మూసి సీలు వేశాము.

చివరకు స్టేషన్‌లో ఇచ్చిన కవరులో అసలు ఫైలు, ప్లేయర్, చూడడానికి సులువుగా ఉండే ఎంపీ4, హాష్ ముద్రణ, రెండు గడియారాల ఫొటో, తూకం చీటీ నకలు ఉన్నాయి. ఎంపీ4 మీద ‘చూడడానికి మాత్రమే’ అని రాశాము. ముందుగా వాట్సాప్‌లో పంపమని అడిగారు, పంపాము గాని, వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి వేరే ఫైలుగా మారుస్తుందని, దాని హాష్ కలవదని కూడా రాసి ఇచ్చాము.

ఇదే యంత్రం మళ్లీ కొంటానా అంటే, కొంటాను. కాని బిగించే రోజే దానికి నెట్ ఇప్పించి, టైమ్‌జోన్ GMT+05:30 పెట్టి, నెట్ నుంచి సమయాన్ని తానే సరిచేసుకునే ఎన్‌టీపీ ఆన్ చేయిస్తాను. డబ్బు ఇచ్చేముందు ఐదు నిమిషాల ఫుటేజీ బ్యాకప్ తీయించి, ఆ పెన్‌డ్రైవ్‌ను నా సొంత ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్ ఎదుటనే తెరిపిస్తాను.