‘ఆ పోస్ట్ కాదు, కింది పోస్ట్ ఇస్తాం’ అన్నారు: వెంటనే సరే అనాలా, వద్దనాలా, అడిగి చూడాలా?

పోలేపల్లి సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో ఎగ్జిక్యూటివ్ పోస్ట్‌కి మా చిన్నాయన బిడ్డ ఇంటర్వ్యూ ఇచ్చింది. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి, ఒక చిన్న యూనిట్ ల్యాబ్‌లో రెండేళ్లుగా పనిచేస్తోంది. వాళ్ల మెయిల్‌లో రెండు సంగతులు ఉన్నాయి. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద అనుభవం సరిపోలేదు కాబట్టి ఎగ్జిక్యూటివ్‌గా తీసుకోలేం, ఇష్టమైతే ట్రైనీ అనలిస్ట్‌గా తీసుకుంటాం, ఏడాదికి 2,40,000 సీటీసీ, అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు. “అక్కా, ఏం రాయాలె? అసలు రాయాల్నా?” అని అడిగింది.

రాయాలి, అదీ ఆ రోజో మర్నాడో. ఇలాంటి మెయిల్ రావడానికి చాలాసార్లు కారణం ఇంటర్వ్యూ చేసినవాళ్లకు మనిషి నచ్చడమే, అనుభవమే తక్కువైంది. హెచ్ఆర్ వాళ్లు ఇంకో ఖాళీ చూసి పేరు పెట్టారంటే మనకోసం ఒక అడుగు ఎక్కువ వేసినట్టే. మనం అలిగి ఊరుకుంటే ఆ ఖాళీ వేరేవాళ్లకు పోతుంది, మనకు ఇష్టం లేదని వాళ్లు అనుకుంటారు. అన్నిట్లోకీ నష్టం ఈ మౌనమే, కాబట్టి దాన్ని పోలికలోకి తీసుకోను. మిగిలినవి మూడు.

మొదటిది, వెంటనే “సరే సార్, వస్తాను” అనడం. చేతిలో ఏ పనీ లేని ఫ్రెషర్‌కి ఇది తప్పేం కాదు, ఎందుకంటే పోగొట్టుకునేది తక్కువ. కానీ ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు అలా అనే ముందు లెక్క వేసుకోవాలి. 2,40,000 అంటే నెలకు 20,000 కదా అనుకుంటాం, అంత చేతికి రాదు. బేసిక్ 10,000 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 1,200, గ్రాట్యుటీ కింద చూపించే దాదాపు 480, కంపెనీ వాటా ఈఎస్ఐ సుమారు 580 అందులోనే ఉంటాయి. మిగిలే 17,740లో మన పీఎఫ్ 1,200, మన ఈఎస్ఐ 130 పైన, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోతే చేతికొచ్చేది 16,250 దగ్గర. ఆమెకి ఇప్పుడే 17,500 వస్తోంది. పైగా ఒకసారి సరే అన్నాక ప్రశ్నలు అడిగితే మాట మార్చినట్టు కనిపిస్తుంది.

రెండోది, “థాంక్యూ, ఇప్పుడు వద్దు” అని మర్యాదగా చెప్పడం. కొన్ని సందర్భాల్లో ఇదే మేలు. అప్రెంటిస్‌షిప్ కింద తీసుకుంటామంటే పేరుకు అదే ల్యాబ్‌లో పని అయినా 1961 చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే శిక్షణలో ఉన్న మనిషే, ఉద్యోగి కాదు. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు, గడువయ్యాక కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు. రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు అందులోకి దిగితే రెజ్యూమెలో వెనక్కి వెళ్లినట్టే. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటాం, ఇన్నేళ్లు బాండ్ రాయాలి అన్నా నేనైతే ఆలోచించకుండా వద్దంటాను. అయితే ఇవన్నీ మొదటి మెయిల్‌లో ఎవరూ రాయరు. అందుకే అడగకుండా వద్దనేయడం కూడా తొందరపాటే.

మూడోది, కృతజ్ఞత చెప్పి, ఇష్టం ఉందని చూపించి, రెండు మూడు సంగతులు అడిగి, జవాబు ఏ రోజుకు చెబుతామో రాయడం. నా ఓటు దీనికే. చాలామంది ఇక్కడ రెండు వేర్వేరు పనుల్ని కలిపేస్తారు, మనిషి పట్ల ఆప్యాయంగా ఉండాలంటే పోస్ట్‌కి ఒప్పుకోవాలేమో అనుకుంటారు. ఆప్యాయత ఆ మెయిల్ రాసిన మనిషికి, నిర్ణయం పోస్ట్‌కి సంబంధించినది.

ఏం అడగాలన్నది పనిని బట్టి ఉంటుంది. క్యూసీలో అయితే అన్నిటికంటే పెద్ద ప్రశ్న, హెచ్‌పీఎల్‌సీ మీద కూర్చోబెడతారా లేక చేత్తో రసాయన పరీక్షలు చేసే వెట్ ల్యాబ్, నమూనాలు తీసే శాంపిలింగ్‌లోనే ఉంచుతారా అన్నది. ఎగ్జిక్యూటివ్ పోస్ట్ పోయింది ఆ అనుభవం లేకే కదా, ట్రైనీగా చేరినా అది దొరక్కపోతే ఏడాది తర్వాత మళ్లీ ఇదే మాట వినాల్సి వస్తుంది. దొరికితే మాత్రం కథ వేరు. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీలు జరిగే ప్లాంట్‌లో హెచ్‌పీఎల్‌సీ చేసిన ట్రైనీకి, చిన్న యూనిట్‌లో పెద్ద హోదా ఉన్నవాళ్ల కంటే తర్వాతి ఇంటర్వ్యూలో ఎక్కువ విలువ ఉంటుంది. అలాంటప్పుడు నెలకు వెయ్యికి పైగా తగ్గినా పర్వాలేదు. ఇక కంపెనీ రోల్స్ మీదా, కాంట్రాక్టర్ రోల్స్ మీదా, అప్రెంటిస్‌గానా అన్నది ఒకటి, అనలిస్ట్‌గా కన్ఫర్మ్ చేసేది ఎప్పుడు, అది ఆఫర్ లెటర్‌లో రాస్తారా అన్నది ఇంకొకటి. “ముందు చేరండి, తర్వాత చూద్దాం” అన్న నోటిమాట ఆ మేనేజర్ మారితే ఎవరికీ గుర్తుండదు. జీతం పెంచమని మొదటి మెయిల్‌లోనే అడగొద్దు, ఈ జవాబులు వచ్చాక అడగొచ్చు.

ఆమె ఇంగ్లిష్‌లో పంపింది, సారాంశం ఇదీ:

“మేడమ్, ఎగ్జిక్యూటివ్ పోస్ట్ గురించి కారణంతో సహా స్పష్టంగా చెప్పినందుకు థాంక్స్. హెచ్‌పీఎల్‌సీలో నాకు ఇంకా అనుభవం కావాలన్నది నిజమే. నన్ను గుర్తుపెట్టుకుని ట్రైనీ అనలిస్ట్ పోస్ట్‌కి అడగడం సంతోషంగా ఉంది, మీ ప్లాంట్‌లో పనిచేయాలని నాకు ఉంది. మొదటి ఏడాది హెచ్‌పీఎల్‌సీ పని ఉంటుందా, ఇది కంపెనీ రోల్స్ మీదేనా, కన్ఫర్మేషన్ ఎప్పుడు ఉంటుందో లెటర్‌లో రాస్తారా, ఈ మూడూ తెలిస్తే శుక్రవారం సాయంత్రానికి ఖాయంగా చెబుతాను.”

ఇందులో నాకు నచ్చింది రెండో వాక్యం. తిరస్కారాన్ని ఒక్క ముక్కలో ఒప్పుకుని ముందుకు పోయింది. “నేను ఆ పోస్ట్‌కి తగినదాన్నే, ప్యానెల్ సరిగ్గా చూడలేదు” అని వాదన పెట్టినా, “ఏదైనా చేస్తా మేడమ్” అని బతిమాలినా అవతలివాళ్లకు ఇబ్బందే. చివర పెట్టిన శుక్రవారం కూడా ముఖ్యం. గడువు మనమే పెడితే హెచ్ఆర్‌కి నిశ్చింత, మనకు రోజూ ఫోన్ చూసుకునే టెన్షన్ తగ్గుతుంది. ఆ గడువు దాటకూడదు. ఆఫర్ లెటర్ చేతికి రాకముందు పాతచోట రాజీనామా పెట్టకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

హెచ్ఆర్ మేడమ్ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. కంపెనీ రోల్సే, బాండ్ లేదు, కానీ మొదటి ఏడాదంతా శాంపిలింగ్, వెట్ ల్యాబ్, కన్ఫర్మేషన్ తేదీ లెటర్‌లో ఉండదు. హెచ్‌పీఎల్‌సీ దొరుకుతుందంటే నేనే వెళ్లమనేదాన్ని. దొరకదని తేలాక ఆమే వద్దనుకుంది. శుక్రవారం మధ్యాహ్నమే రాసింది: “మీరు దాపరికం లేకుండా చెప్పారు మేడమ్, అది నాకు చాలా సాయమైంది. ఇప్పుడు నాకు కావలసింది హెచ్‌పీఎల్‌సీ అనుభవం కాబట్టి ఈ పోస్ట్‌లో చేరలేకపోతున్నాను. అనలిస్ట్ స్థాయిలో ఆ పని ఉన్న ఖాళీ వస్తే నన్ను తప్పక అడగండి, నేను కూడా ఈలోపు నేర్చుకుంటాను.” సాయంత్రానికి జవాబు వచ్చింది, రెజ్యూమె అనలిస్ట్ ఫైల్‌లో పెట్టుకున్నామని. ప్రస్తుతం ఉన్నచోటే వాళ్ల మేనేజర్‌ని అడిగి, వారానికి రెండు షిఫ్టులు హెచ్‌పీఎల్‌సీ మీద వేయించుకుంది.