ఏడాది ప్లాన్ నాలుగు నెలలకే ఆపితే చేతికొచ్చేదెంత? మా ఇంటి ఇంటర్నెట్ అనుభవం

స్పీడ్ గురించి, రౌటర్ గురించి ఇక్కడ రాయను. అవి అందరికీ తెలిసినవే, మాకూ బాగానే ఉండేవి. నేను రాయాలనుకున్నది ఒక్క విషయం: ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టి మధ్యలో ఆపేస్తే మిగిలినదాన్ని వీళ్లు ఎలా లెక్కగడతారన్నది. ఆ లెక్క నన్ను పదిహేను రోజులు నిద్రపోనివ్వలేదు.

తిరుపతిలో కొర్లగుంట దగ్గర మా ఇంట్లో రెండేళ్లు నెలవారీ ప్లాన్ మీదే ఈ కనెక్షన్ వాడాం. నెలకు 700, జీఎస్టీ 18 శాతం కలిపి 826 రూపాయలు. 2024 జూన్ 10న ఏడాది ప్లాన్‌కు మారాం. 6,000, పన్ను కలిపి 7,080. నెలవారీగా కడితే ఏడాదికి 9,912 అవుతుంది కాబట్టి 2,832 రూపాయలు మిగులుతాయని చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పాను. మా పక్కింటి అక్క చేత కూడా తీయించాను. సెప్టెంబర్ చివర్లో మావారికి చిత్తూరు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అక్కడ మేం దిగే ఇంటి వైపు ఈ కంపెనీ లైన్ లేదు. అక్టోబర్ 9న యాప్‌లో కనెక్షన్ ఆపమని రిక్వెస్ట్ పెట్టాను. వెంటనే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, అందులో తేదీ ఉంది.

ఆ రాత్రే గోడమీది టీటీడీ క్యాలెండర్ దించి పెన్సిల్‌తో రోజులు లెక్కపెట్టాను. ఏ నెలకు ముప్ఫై, ఏ నెలకు ముప్ఫై ఒకటి అన్నది చిన్నప్పటి నుంచి నేను పిడికిలి కణుపుల మీదే చూసుకుంటాను. జూలై చివరి కణుపు మీద ఆగి, ఆగస్టు మళ్లీ మొదటి కణుపు మీద మొదలవుతుంది కాబట్టి రెండూ 31. జూన్ 10 నుంచి 30 దాకా 21 రోజులు, జూలై 31, ఆగస్టు 31, సెప్టెంబర్ 30, అక్టోబర్‌లో 9. మొత్తం 122. మొదటిసారి 121 వచ్చింది, ఎందుకంటే 30 లోంచి 10 తీసేసి జూన్‌కు 20 వేశాను. మొదలుపెట్టిన రోజునూ కలుపుకోవాలి, ఆ రోజు కూడా వాడాం కదా. 365 లోంచి 122 తీసేస్తే వాడనివి 243.

7,080 × 243 ÷ 365 = 4,713 రూపాయల 53 పైసలు. నెలల్లో చూసుకున్నా పన్నెండింట ఎనిమిది భాగాలు, అంటే 4,720. రెండింటికీ ఆరు రూపాయలే తేడా, ఎటు చూసినా 4,700 పైనే. చిత్తూరులో ఇంటి అడ్వాన్స్‌కు ఆ డబ్బు కలుపుకుని కూర్చున్నాను.

అక్టోబర్ 14న అబ్బాయొకడు వచ్చి రౌటర్ డబ్బా తీసుకెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత రీఫండ్ వివరం వచ్చింది: 2,500 రూపాయలు. తప్పుగా చదివానేమోనని మళ్లీ మళ్లీ చూశాను. ఫోన్ చేస్తే, "మేడమ్, సిస్టమ్‌లో అలాగే వచ్చింది, మాదేం లేదు" అన్నారు.

లెక్క విడమరిచి మెయిల్‌లో పంపమని పట్టుబట్టాను. అది వచ్చాకే అసలు సంగతి అర్థమైంది. వీళ్లు ఏడాది డబ్బును రోజులతో భాగించరు. మధ్యలో ఆపేస్తే వాడిన నెలలకు ఏడాది రేటు కాకుండా నెలవారీ రేటు వేసి, మిగిలింది ఇస్తారు. ఏడాది ప్లాన్‌లో నెలకు పడేది 590 అయితే, వాడిన ప్రతి నెలకూ 826 పట్టుకుంటారు. తగ్గింపు ఏడాది పూర్తిచేసిన వాళ్లకేనట. డబ్బు కట్టేటప్పుడు నేను టిక్ పెట్టిన షరతుల్లో ఇది ఉంది, నేను చదవలేదు.

సరే, వాళ్ల షరతు ప్రకారమే వేసి చూశాను. నాలుగు నెలలు × 826 = 3,304. అది 7,080 లోంచి పోతే 3,776 రావాలి. మరి 2,500 ఎందుకొచ్చింది? రెండు చోట్ల తేడా ఉంది.

మొదటిది, ఐదు నెలలు పట్టుకున్నారు. మా నెల 10న మొదలై 9న ముగుస్తుంది. రిక్వెస్ట్ 9న పెట్టాను, డబ్బా 14న వెళ్లింది. 10వ తేదీ దాటింది కాబట్టి ఐదో నెల మొదలైనట్టు సిస్టమ్ రాసుకుంది, మొదలైన నెలను పూర్తి నెలగా లెక్కగట్టింది. కానీ అదే షరతుల్లో "రిక్వెస్ట్ నమోదైన తేదీ" అనే ఉంది. డబ్బా తీసుకెళ్లిన తేదీ అని ఎక్కడా లేదు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపగానే దీనికి ఒప్పుకున్నారు.

రెండోది పన్ను. 6,000 లోంచి ఐదు 700లు, అంటే 3,500 తీసేసి 2,500 చూపించారు. పన్ను గవర్నమెంటుకు కట్టేశాం, వెనక్కి రాదు అన్నారు. ఈ మాటకు మాత్రం నేను ఊరుకోలేదు. బట్టల షాపులో బిల్లింగ్ చూస్తాను నేను. సరుకు వెనక్కొస్తే పన్నుతో సహా క్రెడిట్ నోట్ రాయడం మాకు రోజూ ఉండే పనే. ఇవ్వని సర్వీసుకు పట్టుకున్న పన్నును క్రెడిట్ నోట్ రాసి అమ్మినవాళ్లు తమ లెక్కలో తగ్గించుకోవచ్చు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాకా, ఆ ఏడాది వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేస్తే అప్పటిదాకా, అందుకు గడువుంటుంది. మా బిల్లు జూన్‌ది, ఆపింది అక్టోబర్‌లో. గడువు కావలసినంత ఉంది. అదే రాసి పంపాను. ఐదో నెలకు 826, మిగిలిన 2,500 మీద పన్ను 450, కలిపి 1,276 తక్కువ ఇచ్చారని రెండు వరుసల్లో వేసి చూపించాను.

తొమ్మిది రోజులకు 3,776 అకౌంట్‌లో పడింది, క్రెడిట్ నోట్ కూడా మెయిల్‌కు వచ్చింది. రౌటర్ డిపాజిట్ వెయ్యి రూపాయలు విడిగా, ఏ పేచీ లేకుండా వచ్చేసింది.

నేను మొదట వేసుకున్న 4,713 మాత్రం రాలేదు. దానికి ఇప్పుడు కోపం లేదు. నాలుగు నెలలు వాడాను, నాలుగు నెలల వాళ్లు కట్టే 3,304 కట్టాను, అంతే. నెలవారీలోనే ఉండి ఉంటే కూడా ఇంతే అయ్యేది. కోపమల్లా ఆ 1,276 గురించే. అడగకపోతే అది పోయినట్టే కదా.

అందుకే పక్కింటి అక్కతో నేనన్న మాటను కొంచెం సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఈ పద్ధతిలో ఎనిమిది నెలలు వాడి ఆపితే వెనక్కొచ్చేది 472 రూపాయలు. తొమ్మిదో నెలలో అడుగుపెడితే 7,434 అయిపోతుంది, అంటే చేతికి సున్నా. వాళ్లది సొంత ఇల్లు, కదిలే పని లేదు కాబట్టి ఆమెకు ఏడాది ప్లానే లాభం, ఇప్పటికీ అదే చెబుతాను. మళ్లీ తిరుపతికి వస్తే ఈ కనెక్షనే తీసుకుంటాను కూడా, లైన్ అంత బాగుండేది. మావారి ఉద్యోగంలో మాత్రం ఎప్పుడు ఎక్కడికి వేస్తారో తెలియదు. చిత్తూరులో వేరే కంపెనీ వాళ్లు ఏడాదికి కడితే తగ్గిస్తామన్నారు. ఆపేస్తే ఏ రేటు పట్టుకుంటారో, ఏ తేదీ దాకా లెక్కగడతారో రాసివ్వమన్నాను. ఇంకా రాసివ్వలేదు, అందాకా నెలనెలా కడుతున్నాం.