ఆకు రంగుల క్రొమటోగ్రఫీ కిట్ కొంటున్నారా? ఆ పచ్చ సీసా చూసుకోండి

పదకొండో తరగతి పిల్లలున్న అమ్మానాన్నలకు ఇది రాస్తున్నాను. మా బాబు బయాలజీ ప్రాక్టికల్స్‌లో ఆకులోని రంగులను పేపర్ క్రొమటోగ్రఫీతో విడదీసే ప్రయోగం ఉంది. ఇంట్లో ఓసారి చేసి చూసుకుంటానంటే కోఠిలో ఒక దుకాణంలో 650 రూపాయలు పెట్టి కిట్ కొన్నాను. డబ్బాలో కాగితం పట్టీలు, ఒక గాజు జాడీ, ద్రావణి సీసా, 'ఆకు పసరు' అని చీటీ అంటించిన చిన్న పచ్చ సీసా, నాలుగు పేజీల పుస్తకం ఉన్నాయి. ఆ పచ్చ సీసాలో ఉన్నది ఆకు పసరు కాదు. నేను డిగ్రీలో బాటనీ చదివాను కాబట్టి పట్టుకోగలిగాను. లేకపోతే బాబు తప్పు తనదే అనుకుని ఊరుకునేవాడు.

జరిగింది చెప్తాను. బాబు పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. పట్టీ అడుగు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్‌తో గీత గీసి, దాని మీద చుక్క పెట్టి, ఆరాక జాడీలో నిలబెట్టాడు. ద్రావణి పైకి పాకింది కానీ చుక్క మాత్రం గీత మీద నుంచి కదల్లేదు. రెండోసారీ, మూడోసారీ అంతే. వాడికి టెన్షన్ మొదలైంది. నాకు అనుమానం వచ్చి అదే చుక్క పెట్టిన ఇంకో పట్టీని మామూలు మంచినీళ్ల గ్లాసులో నిలబెట్టాను. రెండు నిమిషాల్లో చుక్క పైకి పరుగెత్తింది, ఒకచోట నీలంగా, ఒకచోట పసుపుగా విడిపోయింది.

అక్కడే విషయం తేలిపోయింది. ఆకులోని పత్రహరితం నీళ్లలో కరగదు. అసలు పసరు చుక్క నీళ్లలో పెడితే గీత దగ్గరే ఉండిపోవాలి, ఈథర్ ద్రావణిలో పైకి పోవాలి. ఈ సీసాలోది సరిగ్గా తలకిందులుగా ప్రవర్తించింది. నీళ్లలో కరిగే నీలం రంగూ పసుపు రంగూ కలిపి పచ్చగా చేసి అమ్ముతున్నారు.

తప్పు సీసాదా, ద్రావణిదా అని ఖాయం చేసుకోవడానికి మర్నాడు పొద్దున మెహదీపట్నం రైతుబజార్ నుంచి పాలకూర తెచ్చాను. ఆకులు కడిగి, గుడ్డతో తడి లేకుండా ఒత్తి, ఈనెలు తీసేసి, ఒక గుప్పెడు ఆకును చిటికెడు శుభ్రమైన ఇసుకతో రోట్లో నూరాను. అందులో 10 మిల్లీలీటర్ల అసిటోన్ పోస్తే ముదురు పచ్చని పసరు దిగింది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడకండి, కొన్నింట్లో అసిటోన్ ఉండదు, ఉన్నవాటిలో నీళ్లు కలిసి ఉంటాయి. సన్నటి గాజు గొట్టంతో గీత మీద చుక్క పెట్టడం, ఆరనివ్వడం, మళ్లీ అదే చోట పెట్టడం, ఇలా పదిహేను సార్లు చేశాం. ఓపిక కావాల్సింది ఇక్కడే. చుక్క చిన్నగా, చిక్కగా ఉండాలి. పెద్ద చుక్క పెడితే రంగుల పట్టీలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి.

ద్రావణి మాత్రం కిట్‌లోదే వాడాను, 9 పాళ్లు పెట్రోలియం ఈథర్, 1 పాలు అసిటోన్ అని పుస్తకంలో ఉంది. జాడీలో 1 సెంటీమీటర్ ఎత్తు పోసి, చుక్క మునగకుండా పట్టీ వేలాడదీసి మూత పెట్టాం. పది నిమిషాల్లో నాలుగు రంగులూ వచ్చేశాయి! అంటే కాగితమూ ద్రావణీ బాగానే ఉన్నాయి, మోసం పచ్చ సీసాలోనే ఉంది. అయినా ద్రావణి సీసా మీద మంట బొమ్మ గానీ హెచ్చరిక గానీ లేకపోవడం ఇంకో పెద్ద తప్పు. పెట్రోలియం ఈథర్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది. మేం బాల్కనీలో, వంటింటికి దూరంగా చేశాం. మీరూ అలాగే చేయండి.

పెన్సిల్ గీత నుంచి ద్రావణి 9 సెంటీమీటర్లు ఎక్కింది. పట్టీ బయటికి తీయగానే ఆ అంచు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, ఆరితే కనపడదు. అన్నిటికన్నా పైన, 8.6 దగ్గర నారింజ పసుపు కెరోటిన్. 6.4 దగ్గర లేత పసుపు జాంథోఫిల్. 5.4 దగ్గర నీలి ఛాయ ఉన్న పచ్చటి క్లోరోఫిల్ ఎ. 4.1 దగ్గర పసుపు ఛాయ పచ్చటి క్లోరోఫిల్ బి. రంగు ఎక్కిన దూరాన్ని ద్రావణి ఎక్కిన దూరంతో భాగిస్తే ఆర్ఎఫ్ విలువ. కెరోటిన్‌కు 0.96, క్లోరోఫిల్ బికి 0.46 వచ్చాయి. కాగితం, ద్రావణి, వేడిమి మారితే ఈ అంకెలు కొంచెం మారతాయి, కానీ ఈ ద్రావణిలో ఆ వరుస అదే ఉండాలి. కెరోటిన్‌లో ఆక్సిజన్ అసలు లేదు, కాబట్టి అది కాగితాన్ని పట్టుకోకుండా ఈథర్ వెంట పోతుంది. మిగతా మూడింటిలో ఆక్సిజన్ ఉంది, అవి కాగితానికి ఎంత అతుక్కుంటే అంత వెనకబడతాయి.

ఆ చిన్న పుస్తకంలో ఇంకో తప్పు ఉంది, పిల్లలు అదే రికార్డులో రాసేస్తారని చెప్తున్నాను. పసుపు పట్టీలకు 'కిరణజన్య సంయోగక్రియతో సంబంధం లేదు' అని రాశారు. అది నిజం కాదు. వెలుగు శక్తితో ఎలక్ట్రాన్‌ను కదిలించే అసలు పని చేసేది క్లోరోఫిల్ ఎ. ఆకులో అది బి కన్నా దాదాపు మూడింతలుంటుంది, అందుకే ఆ పట్టీ ముదురుగా కనిపిస్తుంది. క్లోరోఫిల్ బి, పసుపు రంగులూ ఎ సరిగా పట్టలేని వెలుగును పట్టి దానికి అందిస్తాయి. ఎండ మరీ ఎక్కువైనప్పుడు మిగిలిపోయిన శక్తి ఆకును పాడుచేయకుండా కాచేవి కూడా ఆ పసుపు రంగులే. అయితే కాగితం మీద పట్టీ వచ్చిందంటే ఆకులో ఆ రంగు ఉందని మాత్రమే రుజువు. దాని పని ఏమిటన్నది వేరే ప్రయోగాల నుంచి తెలిసింది, బాబుకు అదే రాయమన్నాను.

ఇంకో పరీక్ష ఉంది, ఇది దుకాణంలోనే చేయొచ్చు. నోట్లు చూసే నీలి లైటు సీసా మీద వేయండి. అసలు పసరు రక్తంలా ఎర్రగా వెలుగుతుంది. ఆకులో ఉన్నప్పుడు పనికి పోయే శక్తిలో కొంత, బయటికి తీశాక పోయే దారి లేక ఎర్ర వెలుగుగా వచ్చేస్తుంది. చీకటి గదిలో మా పాలకూర పసరు మీద వేస్తే బాబు నోరు తెరిచి చూశాడు. కిట్ సీసా మీద వేస్తే ఆ ఎరుపు జాడే లేదు.

పట్టీ, బిల్లు పట్టుకుని దుకాణానికి వెళ్తే, "ఓపెన్ చేసిన కిట్ వాపస్ తీసుకోం మేడమ్, కంపెనీ నుంచి అలాగే వచ్చింది" అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా ఏమీ తేలలేదు. నేను వెళ్లిన రోజు కౌంటర్ వెనక అలాంటి డబ్బాలు ఇంకా పది దాకా ఉన్నాయి. కొనేముందు సీసా తెరిపించి, ఒక చుక్క కాగితం మీద వేసి ఆరాక తడి వేలితో రుద్దండి. పచ్చ రంగు కరిగి వేలికి అంటితే ఆ డబ్బా తీసుకోకండి.